సిఫారసు లేఖ అడిగితే సార్ ఇచ్చిన జవాబును ఎలా చదువుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల నుంచి విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టుకునే మన తెలుగు పిల్లలకు ఏటా పూజా సెలవుల వేళకు ఒకటే సందేహం వస్తుంది. పాత ప్రొఫెసర్ గారిని సిఫారసు లేఖ అడుగుతారు, ఆయన ఏదో జవాబిస్తారు, ఆ జవాబులో ఇష్టం ఉందో, కాదనలేని మొహమాటమే ఉందో తేలక నా దగ్గరికి తెచ్చి చూపిస్తారు. నేను ఈ జిల్లాల్లోనే ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. మనసు పెట్టి రాసిన లేఖలూ ఉన్నాయి, కాదనలేక రాసినవీ ఉన్నాయి. ఆ రెండు అనుభవాలనూ దగ్గర పెట్టుకుని ఈ జవాబులు రాశాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్ననే విడిగా చదువుకోవచ్చు.

## అడగడానికి ముందు

సార్ ఏం రాస్తారో నాకు ఎలాగూ కనపడదు కదా, ఆయన జవాబు గురించి ఇంత ఆలోచన ఎందుకు?

కనపడదు కాబట్టే ఆలోచించాలి. అమెరికా విశ్వవిద్యాలయాల దరఖాస్తులో మీరు ప్రొఫెసర్ గారి పేరు, ఈమెయిల్ ఇస్తారు. విశ్వవిద్యాలయం నేరుగా ఆయనకే లింకు పంపుతుంది, ఆయన లేఖను అక్కడే పెడతారు. ఆ దేశంలో 1974 నాటి చట్టం ఒకటి విద్యార్థికి తన రికార్డులు చూసుకునే హక్కు ఇచ్చింది. అయితే లేఖను చూసే హక్కు వదులుకుంటున్నారా అని దరఖాస్తులోనే అడుగుతారు, దాదాపు అందరూ వదులుకుంటారు. వదులుకుంటే లేఖ రాసేవారు నిర్భయంగా రాశారని, సీట్లు ఎవరికివ్వాలో తేల్చే కమిటీ నమ్ముతుంది. వదులుకోకపోయినా ఆ హక్కు అక్కడ చేరిన విద్యార్థికే వర్తిస్తుంది కనుక, సీటు రానివారికి ఆ లేఖ ఎప్పటికీ కనపడదు.

అందువల్ల ఆ లేఖ ఎలా ఉండబోతోందో ముందుగా తెలుసుకోవడానికి మీ చేతిలో ఉన్న ఆధారం ఒక్కటే: మీరు అడిగినప్పుడు ఆయన ఇచ్చిన జవాబు. దానిని శ్రద్ధగా చదివితే, వేరొకరిని అడిగే వ్యవధి ఉండగానే నిర్ణయం తీసుకోవచ్చు.

పెద్ద పేరున్న హెచ్‌ఓడీ సార్‌ని అడగాలా, ప్రాక్టికల్స్ చూసిన గెస్ట్ లెక్చరర్‌ని అడగాలా?

మీ పనిని కళ్లారా చూసినవారిని అడగండి. హెచ్‌ఓడీ గారు రెండు వందల మందికి ఒకే పేపరు చెప్పి ఉంటే, ఆయన రాయగలిగింది మీరు తరగతులకు క్రమంగా వచ్చారని, ఇన్ని మార్కులు తెచ్చుకున్నారని, క్రమశిక్షణ గలవారని. మార్కులు కమిటీకి మీ మార్కుల జాబితాలోనే కనపడతాయి. ఆ లేఖ వారికి కొత్తగా చెప్పేది ఏమీ ఉండదు.

గెస్ట్ లెక్చరర్ గారి విషయంలో రెండు ఇబ్బందులు ఉన్నాయి, వాటిని దాచిపెట్టను. కాలేజీ లెటర్‌హెడ్ వాడుకోవడానికి ఆయనకు అనుమతి అవసరం కావచ్చు. కాలేజీ పేరుతో ఉండే అధికారిక ఈమెయిల్ ఆయనకు లేకపోవచ్చు. ఈ రెండింటినీ ప్రిన్సిపాల్ కార్యాలయంలో ముందే అడిగి తేల్చుకోండి. అవి తేలితే, మీ ప్రయోగం మూడుసార్లు చెడిపోయి నాలుగోసారి ఎందుకు నిలబడిందో చెప్పగలిగిన ఆ మనిషి లేఖకే ఎక్కువ విలువ.

ఎలా అడిగితే సార్ మనసులో మాట బయటికి వస్తుంది?

మొహమాటం లేకుండా కాదనడానికి వీలున్నప్పుడే, అవునన్న మాటకు బలం ఉంటుంది. “సార్, నాకు రికమెండేషన్ ఇవ్వండి” అని అడిగితే మన వైపు ఏ గురువూ కాదనడు. ఎదురుగా నిలబడి, కాళ్లకు నమస్కరించి అడిగితే అసలే అనలేడు. ఆ అవును మర్యాద కోసం వచ్చిన అవును.

మొదటిసారి రాతపూర్వకంగా, ఈమెయిల్‌లో అడగండి. ఆయనకు ఒకరోజు ఆలోచించుకునే అవకాశం దొరుకుతుంది. అడిగేది ఈ విధంగా ఉండాలి: “సార్, నేను 2023లో మీ దగ్గర ప్రాజెక్టు చేశాను. విదేశంలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తున్నాను, గడువు డిసెంబర్ 15. నా పరిశోధన గురించి బలంగా, వివరంగా రాయగలిగినంతగా నా పని మీకు గుర్తుందా? సెమిస్టర్ పనుల వల్ల తీరిక లేకపోయినా, నా పని మీరు తగినంత చూడలేదని అనిపించినా దయచేసి చెప్పండి, నేను వేరే ఏర్పాటు చేసుకుంటాను.”

ఈ మాటల్లో “బలంగా, వివరంగా” అన్నది ప్రశ్నకు ప్రాణం. “రాస్తారా” అంటే ఎవరైనా రాస్తారు, “బలంగా రాయగలరా” అంటే ఆలోచిస్తారు. చివరి వాక్యంలో ఆయన తప్పుకోవడానికి రెండు గౌరవప్రదమైన కారణాలు మీరే అందించారు. ఆ కారణాలను వాడుకోకుండా ఆయన ముందుకు వస్తే, ఆ రావడంలో ఇష్టం ఉందనుకోవచ్చు. గడువుకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు అడిగితే, ఆయన కాదన్నా మీకు దారి మిగులుతుంది.

## జవాబు వచ్చిన రోజు

“సరే, నా పేరు ఇచ్చుకో” అన్నారు. ఇది అవునేనా?

అనుమతి ఇచ్చారు, అంతే. లేఖ రాస్తానన్న మాట అందులో లేదు, మీ పని గురించి ఒక్క మాటా లేదు. “అభ్యంతరం లేదు”, “నా పేరు పెట్టుకోవచ్చు”, “శుభాకాంక్షలు” అన్న మాటలన్నీ ఈ కోవలోనివే. వాటిలో ఆయన మిమ్మల్ని ఆపడం లేదన్న సంగతి ఉంది, మీ కోసం పూనుకుంటున్నారన్న సంగతి లేదు.

నేను జవాబులు చదివేటప్పుడు ఒకటే చూస్తాను: ఈ మనిషి ఈ జవాబులో తన వైపు నుంచి ఏమి ఖర్చు పెట్టాడు? గుర్తు తెచ్చుకోవడం ఖర్చు. గడువు ఎప్పుడని అడగడం, రిపోర్టు పంపమనడం, ఆదివారం ఫోన్ చెయ్యమనడం ఖర్చు. అవేవీ లేని అవునుకు ఆయన అర నిమిషం కూడా వెచ్చించలేదు. లేఖకు మాత్రం రెండు గంటలు వెచ్చిస్తారని ఆశించడం కష్టం. ఇది తుది తీర్పు కాదు, మరొక ప్రశ్న అడిగి చూడవలసిన జవాబు.

మా గైడ్ ఒడియా సార్. ఫోన్‌లో “హఉ, దేఖిబా” అన్నారు. దాన్ని ఏమని అర్థం చేసుకోవాలి?

మన “సరే, చూద్దాం”కు అది అచ్చమైన జోడీ మాట, అర్థం కూడా అలాగే రెండు వైపులా వంగుతుంది. మన జిల్లాల్లో ఒడియా వారైనా తెలుగువారైనా ముఖం మీద “కుదరదు” అనడం అరుదు. ఆ కాదనడమే చాలాసార్లు “చూద్దాం” రూపంలో వస్తుంది. అదే సార్ నిజంగా తీరికలేక, డైరీ చూసుకుని చెబుదామన్న ఉద్దేశంతోనూ ఆ మాటే అనవచ్చు.

దానిని మాటతో కాక తర్వాతి పదిరోజులతో కొలవండి. అదే రోజు ఈమెయిల్‌లో గడువు, కోర్సు వివరాలు, మీ ప్రాజెక్టు రిపోర్టు పంపండి. చూద్దామన్నవారు నిజంగా చూస్తే ఏదో ఒక ప్రశ్న వస్తుంది, కనీసం “అందింది, నవంబర్ రెండో వారంలో రాస్తాను” అన్న మాట వస్తుంది. పది రోజుల తర్వాత మీరు ఒకసారి గుర్తుచేసినప్పుడు మళ్లీ “దేఖిబా” అనే వస్తే, దానిని కాదన్న జవాబుగానే తీసుకుని మరొకరిని అడగండి.

పన్నెండు రోజులకు ఒక్క లైనులో జవాబిచ్చారు. ఆసక్తి లేనట్టేనా?

ఆలస్యాన్నీ క్లుప్తతనూ చూసి అలా తేల్చకండి. పిల్లలు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. అక్టోబర్‌లో పూజా సెలవులు, తర్వాత సెమిస్టర్ పరీక్షలు, మూల్యాంకనం, ఆ ఏడాది నాక్ బృందం వస్తుంటే రాత్రింబవళ్లు ఫైళ్లు. ఇంతటి పనిలో ఉన్న మనిషి ఒక లైను రాయడమే గొప్ప. పైగా మన ప్రొఫెసర్లలో చాలామంది ఈమెయిల్‌ను టెలిగ్రాములాగా రాస్తారు.

లైను పొడవును వదిలేసి, అందులో ఏముందో చూడండి. “గడువు? రిపోర్టు పంపు” అన్నది మూడు మాటలే, కానీ ఆ మూడూ లేఖ రాయడానికి కూర్చోబోయే మనిషి మాటలు. “నా ప్రియమైన విద్యార్థికి అన్నివిధాలా శుభం కలగాలని కోరుకుంటూ” అని నాలుగు వాక్యాలు రాసిన జవాబులో అలాంటి మాట ఒక్కటీ లేకపోవచ్చు.

చాలా మెచ్చుకుంటూ జవాబిచ్చారు, కానీ “నువ్వే రాసి పంపు, సంతకం చేస్తాను” అన్నారు. దీన్ని ఏమనుకోవాలి?

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. మన దగ్గర ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఇలా అన్నంత మాత్రాన ఆ సార్‌కు మీ మీద అభిమానం లేదని చెప్పలేను. నిజంగా ఇష్టపడే గురువులు కూడా ఇంగ్లీషులో రెండు పేజీలు రాయడానికి జంకి, లేదా తీరిక లేక ఇలా అంటారు. కాని ఫలితం మాత్రం ఉత్సాహం లేని చల్లని లేఖ వచ్చినట్టే ఉంటుంది. తన గురించి తానే రాసుకునే విద్యార్థి “కష్టపడేవాడు, నిజాయితీపరుడు, నాయకత్వ లక్షణాలు గలవాడు” అనే రాస్తాడు. గురువు మాత్రమే చెప్పగలిగింది, అంటే తాను ఇన్నేళ్లలో చూసిన విద్యార్థులలో ఇతను ఎక్కడ నిలుస్తాడన్నది, విద్యార్థి రాయలేడు. ముగ్గురి లేఖలూ ఒకే చేతి రాతలా, ఒకే వాక్యాల తీరుతో వస్తే కమిటీకి అనుమానం వస్తుంది. లేఖను సిఫారసు చేసేవారే స్వయంగా రాయాలని చాలా విశ్వవిద్యాలయాలు కోరుతాయి కనుక, అలా రాసి పంపడం నిజాయితీ ప్రశ్న కూడా అవుతుంది.

అందుకని లేఖ రాయకండి, లేఖకు కావలసిన సరుకు పంపండి. ఒక పేజీలో మీరు ఆయన దగ్గర చేసిన పని, తేదీలు, ఎదురైన ఇబ్బంది, దాన్ని దాటిన తీరు, ఆయన అప్పుడు అన్న మాట ఏదైనా గుర్తుంటే అది, అన్నీ వాస్తవాలుగా, విశేషణాలు లేకుండా రాయండి. “సార్, లేఖ మీ మాటల్లోనే ఉండాలని వారు కోరుతున్నారు, మీకు సులువుగా ఉండాలని వివరాలు పంపుతున్నాను” అని చెప్పండి. ఇష్టమున్న గురువు ఆ పేజీ చూసి “అవునవును, ఆ రోజు కరెంటు పోయింది కదా” అని తనకు గుర్తున్నది చేరుస్తాడు. ఇష్టం లేనివారు “ఇవన్నీ నాకెందుకు, లేఖ తయారుచేసి తీసుకురా” అని మళ్లీ అంటారు. అప్పుడు మీకు సంగతి తేలిపోయినట్టే.

“నాకంటే ఫలానా మేడమ్‌ని అడిగితే మంచిది” అన్నారు. బాధగా ఉంది.

బాధపడకండి. ఇది నిజాయితీగా ఇచ్చిన జవాబు, మీకు మేలు చేసే జవాబు. తాను రాస్తే లేఖ పలచగా ఉంటుందని ఆయనకు తెలుసు, ఆ మాటను మిమ్మల్ని నొప్పించకుండా చెప్పారు. కృతజ్ఞతలు చెప్పి ఆ మేడమ్ గారిని అడగండి. ఆయనను మళ్లీ బతిమాలితే ఒప్పుకుంటారు, కానీ అప్పుడు వచ్చే లేఖ ఆయన మొదట భయపడిన లేఖే అవుతుంది.

ముగ్గురు మూడు రకాలుగా జవాబిచ్చారు. ఒక్కొక్కదాన్ని ఎలా తూచాలో ఒక ఉదాహరణతో చెబుతారా?

పర్లాకిమిడి అమ్మాయి ఒకామె వృక్షశాస్త్రంలో ఎం.ఎస్‌సి. చేసింది. మహేంద్రగిరి వాలుల మీద దొరికే మొక్కలను సేకరించి, ఎండబెట్టి, హెర్బేరియం షీట్లుగా తయారుచేయడం ఆమె ప్రాజెక్టు. మూడు లేఖలు కావాలి, గడువు డిసెంబర్ 15. అక్టోబర్ మొదటి వారంలో ముగ్గురికి ఒకే రకంగా రాసింది.

మొదటి జవాబు రెండు రోజుల్లో పాత హెచ్‌ఓడీ గారి నుంచి వచ్చింది: “అందింది. నా పేరు ఇవ్వవచ్చు. ఆశీస్సులు.” రెండోది ఐదో రోజున థియరీ చెప్పిన సార్ నుంచి: “ఎంత సంతోషమమ్మా! నా ఉత్తమ విద్యార్థులలో నువ్వొకతెవు. డ్రాఫ్టు పంపు, సంతకం పెట్టేస్తాను.” మూడోది పదకొండో రోజున ప్రాజెక్టు గైడ్ గారి నుంచి, పలకరింపు కూడా లేకుండా: “పూత లేని నమూనా తెచ్చావని నేను వెనక్కి పంపితే మళ్లీ మే నెల ఎండలో కొండెక్కావు, ఆ షీటు ఇంకా మన అల్మారాలో ఉంది. ఏ ప్రొఫెసర్ దగ్గర చేరాలనుకుంటున్నావు? ఆదివారం పదింటికి ఫోన్ చెయ్యి.”

ఆ అమ్మాయి మొదటి ఇద్దరితో సంతోషించి, మూడోవారు కోపంగా ఉన్నారేమోనని నా దగ్గరికి వచ్చింది. నేను ఆ మూడింటిలో మూడో జవాబునే ఆమెకు రెండుసార్లు చదివి వినిపించాను. వెనక్కి పంపిన నమూనా, మే నెల, అల్మారాలో షీటు: ఇవి లేఖలోకి నేరుగా నడిచి వెళ్లే వాక్యాలు. మొక్కను పువ్వుతో సహా సేకరిస్తేనే గుర్తింపు నమ్మకంగా ఉంటుందని వృక్షశాస్త్రం తెలిసిన కమిటీకి తెలుసు. తప్పు చూపిస్తే అలగకుండా మళ్లీ కొండెక్కిన విద్యార్థి ఎలాంటిదో వారికి ఇంకెవరూ వివరించనక్కరలేదు. ఎవరి దగ్గర చేరతావని అడగడం కూడా, లేఖను ఆ పనికి తగ్గట్టు మలచాలన్న ఆలోచన ఉన్నవారే అడిగే ప్రశ్న.

రెండో సార్‌కు డ్రాఫ్టుకు బదులు ఒక పేజీ వాస్తవాలు పంపించాను. ఆయన మరునాడే ఫోన్ చేసి, ఆమె సెమినార్‌లో ఒక ప్రశ్నకు “నాకు తెలియదు, వెతికి చెబుతాను” అని వారం తర్వాత నిజంగానే వెతికి వచ్చిన సంగతి తనంతట తానే గుర్తుచేసుకున్నారు. ఆయన అభిమానం నిజమైనదే, అలవాటు మాత్రమే చెడ్డది. మొదటివారికి మర్యాదగా మరొక ప్రశ్న పంపితే “నీ మార్కుల జాబితా పంపు” అని వచ్చింది. మార్కులను బట్టి రాసే లేఖ ఎలా ఉంటుందో తెలుసు కనుక, ఆయన స్థానంలో ప్రాక్టికల్స్ చేయించిన గెస్ట్ లెక్చరర్‌ను అడిగాము.

## సందేహం తీర్చుకోవడం

ఒప్పుకున్న సార్‌ని మళ్లీ ప్రశ్న అడిగితే కోపం రాదా?

నమ్మకం లేక అడుగుతున్నారని అనిపిస్తే వస్తుంది. ఆయనకు సాయం చేయడానికి అడుగుతున్నారని అనిపిస్తే రాదు. “మీరు నిజంగా బాగా రాస్తారా” అని అడగకండి. “సార్, మిగిలిన ఇద్దరు నా చదువు గురించి, సెమినార్ల గురించి రాస్తున్నారు. మీరు నా ప్రయోగశాల పని గురించి రాస్తే బాగుంటుందనుకుంటున్నాను. ఆ పనిలో మీకు ఏది గుర్తుందో చెబితే, దానికి సంబంధించిన కాగితాలు వెతికి పంపుతాను” అని రాయండి.

దీనికి వచ్చే జవాబులో ఒక సంఘటన, ఒక తేదీ, ఒక ప్రయోగం పేరు, చివరికి మీ లోపం ఒకటి ఉన్నా మంచి గుర్తే. మీ లోపం గుర్తున్న గురువు మిమ్మల్ని చూసిన గురువు. “అన్నీ బాగానే చేశావు” అని మాత్రమే వస్తే ఆయన దగ్గర రాయడానికి ఏమీ లేదని తెలుసుకోవాలి.

సార్ మా నాన్నగారికి తెలుసు. నాన్నతో ఒక మాట చెప్పించనా?

వద్దు. పెద్దవారు ఫోన్ చేస్తే ఆయన తప్పక ఒప్పుకుంటారు, కానీ ఆ ఒప్పుకోలు మీ నాన్నగారి స్నేహానికి ఇచ్చినది. అందులో మీ పని ఏమాత్రం ఉందో ఇక ఎన్నటికీ తెలియదు. బంధువుల ద్వారా వచ్చిన అభ్యర్థనకు నేను స్వయంగా ఒక లేఖ రాశాను. ఆ అబ్బాయి ముఖమే నాకు సరిగా గుర్తులేదు. నాలుగు మర్యాద వాక్యాలు రాసి, “తోటి విద్యార్థులలో ఎంత శాతంలో నిలుస్తాడు” అన్న పట్టిక దగ్గర ఆగిపోయాను. మొదటి ఐదు శాతం అని గుర్తు పెట్టడానికి చెయ్యి రాలేదు, మధ్యలో ఎక్కడో పెట్టాను. ఆ అబ్బాయికి ఆ సంగతి తెలియదు. ముందే “నిన్ను నేను ఎక్కువ చూడలేదు నాయనా” అని ఉంటే అతనికి న్యాయం చేసినవాడినయ్యేవాడిని. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

చల్లగా ఒప్పుకున్న సార్‌ను నొప్పించకుండా ఎలా తప్పించుకోవాలి?

లింకు ఇంకా పంపకపోతే చాలా సులువు. “సార్, ఈ కోర్సుకు ప్రయోగశాల పని చూసినవారి లేఖలకు ప్రాధాన్యం ఉంది కనుక ఆ మేడమ్ గారిని అడిగాను. మీరు ఒప్పుకున్నందుకు కృతజ్ఞుణ్ణి” అని రాస్తే చాలు. ఆయనకు ఒక పని తగ్గుతుంది, చాలామంది లోలోపల సంతోషిస్తారు. లింకు పంపిన తర్వాత పేరు మార్చాలంటే, ఆ విశ్వవిద్యాలయం పోర్టల్ దానికి వీలిస్తుందో లేదో ముందు చూసుకోండి. ఆయన అప్పటికే లేఖ పెట్టి ఉంటే దాన్ని కదిలించకండి.

నాకు మూడో మనిషి లేరు. చల్లని సార్‌నే వెచ్చబరచడం కుదరదా?

కొంతవరకు కుదురుతుంది. ఆయన చల్లదనం రెండు రకాలుగా ఉండవచ్చు. మీ మీద మంచి అభిప్రాయమే ఉండి, ఐదేళ్లు గడిచి వివరాలు మరచిపోయి ఉంటే, అది మీరు తీర్చగలిగినది. ఆయన ఎర్ర సిరాతో దిద్దిన మీ రికార్డు పుస్తకం, ప్రాజెక్టు రిపోర్టు, ఆ బ్యాచ్ ఫోటో ఒకటి తీసుకుని వెళ్లి ఇరవై నిమిషాలు కూర్చోండి. తన చేతి రాతను చూసుకున్న గురువుకు విద్యార్థి ఎంత త్వరగా గుర్తొస్తాడో నాకు తెలుసు. వెళ్లి వచ్చాక ఆయన మాటల్లో కొత్త వివరం చేరితే లేఖలోనూ చేరుతుంది.

మీ పని మీద ఆయనకు మధ్యస్థమైన అభిప్రాయమే ఉంటే, కాగితాలు ఆ అభిప్రాయాన్ని మార్చవు. ఆ సందర్భంలో ఇంటర్న్‌షిప్‌లో మీ పని చూసిన శాస్త్రవేత్తను గానీ, ఉద్యోగంలో పై అధికారిని గానీ మూడోవారిగా అనుమతిస్తారా అని దరఖాస్తు నిబంధనల్లో చూడండి. చాలా చోట్ల ఒకరి విషయంలో అనుమతిస్తారు. పరిశోధన కోర్సులకు కనీసం ఇద్దరు అధ్యాపకులు ఉండడం మంచిది.

## లింకు పంపిన తర్వాత

ఉత్సాహంగా ఒప్పుకున్న సార్ మూడు వారాలైనా లేఖ పెట్టలేదు. మనసు మార్చుకున్నారా?

ముందు సాంకేతిక కారణాలు చూడండి, సాధారణంగా అక్కడే దొరుకుతుంది. విశ్వవిద్యాలయం పంపే లింకు యంత్రం పంపే ఉత్తరం కనుక తరచుగా స్పామ్‌లో పడుతుంది. పదవీ విరమణ చేసినవారి కాలేజీ ఈమెయిల్ మూతపడి ఉంటుంది, మీరు పాత చిరునామా ఇచ్చి ఉంటారు. సొంత జీమెయిల్ చిరునామా ఇస్తే కొన్ని పోర్టళ్లు తీసుకోవు, కొన్ని అదనంగా వివరణ అడుగుతాయి. ఇవన్నీ ఆయన ఇష్టాయిష్టాలతో సంబంధం లేనివి.

రెండో కారణం సంఖ్య. మీరు ఎనిమిది విశ్వవిద్యాలయాలకు పెడితే ఆయనకు ఎనిమిది లింకులు వెళతాయి. లేఖ ఒకటే అయినా ఎనిమిది చోట్ల వేర్వేరు పట్టికలు నింపాలి. ప్రేమగా మొదలుపెట్టినవారు కూడా నాలుగో పట్టిక దగ్గర అలసిపోతారు. ఎనిమిదింటినీ గడువుల వరుసలో ఒకే పేజీలో రాసి, ఏ పేరుతో లింకు వస్తుందో చెప్పి, వీలైతే వాటన్నింటినీ ఒకే వారంలో పంపండి. బరంపురంలో ఉంటే వెళ్లి పక్కన కూర్చుని “సార్, స్పామ్‌లో చూద్దామా” అని అడగడంలో తప్పు లేదు. పట్టిక నింపేటప్పుడు మాత్రం లేచి వరండాలోకి వచ్చేయండి. అక్కడ ఆయన ఏ గడిలో గుర్తు పెడతారో మీరు చూడకూడదు, చూస్తున్నారన్న ఇబ్బంది ఆయనకు ఉండకూడదు.

గుర్తుచేయడం గడువుకు రెండు వారాల ముందు ఒకసారి, ఐదు రోజుల ముందు ఒకసారి చాలు. చాలా పోర్టళ్లలో లేఖ అందిందో లేదో మీకు కనపడుతుంది కనుక, అందిన వెంటనే అడగడం ఆపి కృతజ్ఞత చెప్పండి. ఐదు రోజుల ముందు కూడా ఫోన్ ఎత్తకపోతే, ఆ దరఖాస్తుకు సిద్ధంగా ఉంచుకున్న నాలుగోవారికి ఆ రోజే ఫోన్ చేయండి. అలాంటి నాలుగోవారిని అక్టోబర్‌లోనే అడిగి, “అవసరమైతేనే ఇబ్బంది పెడతాను” అని ఒప్పించి ఉంచుకోవడం మంచిది.